ఖాళీ ఉన్నా చోటు లేని ఇనుము

హెన్రీ వెస్లీ వాయిసీ వృత్తికి వైద్యుడు. 1820ల మొదట్లో దక్కన్‌ను కొలుస్తున్న త్రికోణమితి సర్వే బృందంలో ఆయన డాక్టరు, భూగర్భ శాస్త్రజ్ఞుడు కూడా. ఆ రోజుల్లోనే ఆయన కోనసముద్రం అనే ఊరికి వెళ్లి, అక్కడ మూసల్లో ఉక్కు ఎలా చేస్తున్నారో దగ్గరుండి చూసి రాసుకున్నాడు. ఆయన 1824లో చనిపోయాడు. రాసుకున్నది మాత్రం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. కోనసముద్రం ఇప్పుడు నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో ఉంది. నేనుండే అడిక్‌మెట్ నుంచి నాలుగైదు గంటల ప్రయాణం. అప్పట్లో ఆ ఉక్కు కోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చి ఊళ్లో మకాం వేసేవారు. పడమటి దేశాల్లో డమాస్కస్ కత్తులుగా పేరుపడిన వాటికి మూలం ఇలాంటి ఉక్కు ముద్దలే.

వాయిసీ రాసినదాంట్లో ఒక వివరం నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది. రెండు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును మూసలో పెట్టి, మూతి మట్టితో మూసి, ఒక రోజంతా ఆపకుండా తిత్తులు ఊదుతారు. చల్లారాక మూస పగలగొడితే సుమారు పౌనున్నర, అంటే 680 గ్రాముల ఉక్కు ముద్ద దొరుకుతుంది. అయితే ఆ ముద్దను అలాగే సమ్మెట కిందికి తెస్తే పనికి లొంగదు, పెళుసుగా ఉంటుంది. అందుకని దానికి మట్టి పూసి, మళ్లీ కొలిమిలో పన్నెండు నుంచి పదహారు గంటలు కాల్చి, చల్లార్చి, మళ్లీ కాలుస్తారు. మూడోసారి, నాలుగోసారి కూడా. అప్పటికి అది సమ్మెట దెబ్బ తినేంత మెత్తబడుతుంది.

ఈ కాల్పుల్లో ముద్ద కరగదు. అందులో కొత్తగా ఏదీ కలపరు. ముద్దలోని కార్బన్ పైపొరలో కొంచెం తగ్గితే తగ్గవచ్చు, లోపల మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. మరి అదే ఇనుము, అదే కార్బన్, మొదట పెళుసుగా ఉండి తరవాత లొంగడమేమిటి? జవాబు ఇనుముకున్న ఒక స్వభావంలో ఉంది. గట్టిగా ఉంటూనే, కరగకుండానే, అది లోపలి అమరికను మార్చుకుంటుంది. ఒకే మూలకం ఇలా ఒకటికి మించిన రూపాల్లో ఉండటాన్ని మన పాఠ్యపుస్తకాలు రూపాంతరత అంటాయి. వజ్రం, గ్రాఫైటు అందరూ చెప్పే ఉదాహరణ. కానీ వజ్రాన్ని గ్రాఫైటుగా మార్చి మళ్లీ వజ్రంగా మార్చడం మన చేతిలో పని కాదు. ఇనుము మాత్రం కొలిమిలో పెట్టిన ప్రతిసారీ అటు మారి, తీసిన ప్రతిసారీ ఇటు మారుతుంది.

స్వచ్ఛమైన ఇనుము మామూలు వేడిమి నుంచి 912 డిగ్రీల సెల్సియస్ దాకా ఒక రూపంలో ఉంటుంది. 912 దాటగానే రెండో రూపంలోకి మారి 1,394 డిగ్రీల దాకా అలాగే ఉంటుంది. అక్కడి నుంచి 1,538 దగ్గర కరిగేదాకా మళ్లీ మొదటి రూపమే. ఆ చివరి అంచె కొలిమి పనికి సంబంధం లేనిది కాబట్టి పక్కన పెడదాం.

ఈ మార్పును కంటితో చూడవచ్చు. కాలేజీ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో, తగిన ట్రాన్స్‌ఫార్మర్‌తో, తెలిసిన అధ్యాపకుల సమక్షంలో చేయదగిన ప్రయోగం ఇది. ఇంటి కరెంటుతో చేయకూడదు. మీటరు పొడవున్న మామూలు ఇనుప బైండింగ్ తీగను రెండు గుంజల మధ్య అడ్డంగా కడతారు. తక్కువ వోల్టేజీ దగ్గర ఎక్కువ కరెంటు పంపితే తీగ ఎర్రబడుతూ, సాగుతూ, మధ్యలో కిందికి వాలుతుంది. తొమ్మిది వందల డిగ్రీల దాకా చేరేసరికి అది దాదాపు 13 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. ఎరుపు నారింజ రంగులోకి తిరిగే వేళ, ఇంకా వేడెక్కుతూనే ఉన్న తీగ ఒక్కసారి పైకి లేస్తుంది. కాసేపటికి మళ్లీ వాలడం మొదలుపెడుతుంది. కరెంటు ఆపితే అంతా తిరగబడుతుంది. చల్లారుతూ బిగుసుకుంటున్న తీగ ఉన్నట్టుండి ఒక క్షణం జారి, మళ్లీ బిగుసుకుంటుంది. జార్జ్ గోర్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు చల్లారే తీగలో ఈ క్షణికమైన సాగుడును 1869లో గమనించాడు. నాలుగేళ్ల తరవాత విలియం బారెట్ అదే వేళ తీగ ఇంకొంచెం ప్రకాశవంతంగా వెలగడం కూడా చూశాడు. అమరిక మారేటప్పుడు లోపలి వేడి బయటపడటమే ఆ వెలుగు.

వేడెక్కే వస్తువు కుంచించుకోవడం మామూలుగా జరిగేది కాదు. 912 దగ్గర ఇనుము ఘనపరిమాణం దాదాపు ఒక శాతం తగ్గుతుంది. పొడవులో చూస్తే అది శాతంలో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ, మీటరు తీగకు మూడున్నర మిల్లీమీటర్లు. వాలుగా వేలాడే తీగలో మూడున్నర మిల్లీమీటర్ల తేడా మధ్యబిందువు దగ్గర దాదాపు సెంటీమీటరు కదలికగా కనబడుతుంది. అందుకే కంటికి అందుతుంది.

లోపల ఏం జరిగింది? మొదటి రూపంలో ఇనుప పరమాణువులు ఒక ఘనపు పెట్టె ఎనిమిది మూలల్లోనూ, ఇంకొకటి సరిగ్గా ఆ పెట్టె నడుమనా ఉంటాయి. దీన్ని అంతఃకేంద్రిత ఘనం అంటారు. ఏ పరమాణువును తీసుకున్నా దాన్ని ఆనుకుని ఎనిమిది పొరుగులు ఉంటాయి. రెండో రూపంలో నడుమ ఎవరూ ఉండరు. మూలల్లోనూ, పెట్టె ఆరు ముఖాల మధ్యలోనూ పరమాణువులుంటాయి. ఇది ఫలక కేంద్రిత ఘనం. ఇక్కడ పొరుగులు పన్నెండు. నారాయణగూడలో బండి మీద బత్తాయిలను ఒక వరస మీద ఇంకో వరస, పళ్ల మధ్య గుంటల్లో కూర్చునేలా పేర్చుతారే, పేర్పు దాదాపు అదే. గుండ్రటి వస్తువులను అంతకన్నా దగ్గరగా పేర్చడం సాధ్యం కాదు. పరమాణువులను ఒకదానికొకటి తాకే గోళాలుగా భావిస్తే ఫలక కేంద్రిత అమరికలో స్థలం 74 శాతం నిండుతుంది, 26 శాతం ఖాళీ. అంతఃకేంద్రిత అమరికలో నిండేది 68 శాతం, ఖాళీ 32 శాతం.

ఈ లెక్క చూసినవాళ్లకు ఒక సందేహం రావాలి. 68 నుంచి 74కి మారితే ఘనపరిమాణం ఎనిమిది శాతం తగ్గాలి కదా, ఒక్క శాతమే ఎందుకు తగ్గింది? గోళాల సైజు మారదని అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఎనిమిది మంది పొరుగులే ఉన్నప్పుడు ఇనుప పరమాణువు ఒక్కొక్కరితో ఇంకాస్త బిగువైన బంధం పెట్టుకుని, దగ్గరగా నిలబడుతుంది. పన్నెండు మంది వచ్చేసరికి ఒక్కో బంధం కొంచెం వదులై, మధ్య దూరం రెండున్నర శాతం పెరుగుతుంది. పేర్పు మెరుగుపడటం వల్ల దక్కిన లాభంలో ఎక్కువ భాగం ఈ దూరం పెరగడంతో పోతుంది. మిగిలేది ఆ ఒక్క శాతమే.

చల్లగా ఉన్నప్పుడు బిగువైన పేర్పు, వేడెక్కితే వదులైన పేర్పు ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. ఇనుములో అది తారుమారైంది. కారణం అయస్కాంతత్వం. ఇనుప పరమాణువుల్లోని ఎలక్ట్రాన్ల అయస్కాంత పొత్తు అంతఃకేంద్రిత అమరికను చల్లటి ఇనుములో నిలబెడుతోంది. ఆ పొత్తు లేకపోతే మామూలు ఇనుము కూడా బత్తాయిల పేర్పులోనే ఉండేది. అప్పుడు ఉక్కు చరిత్రే వేరు.

ఇప్పుడు కార్బన్ సంగతి. కార్బన్ పరమాణువు చిన్నది. అది ఇనుప పరమాణువును తోసేసి దాని చోట కూర్చోదు. ఇనుప పరమాణువుల మధ్య ఉన్న సందుల్లో దూరుతుంది. అలాంటప్పుడు 32 శాతం ఖాళీ ఉన్న రూపంలో ఎక్కువ కార్బన్ పట్టాలి, 26 శాతం ఖాళీ ఉన్న రూపంలో తక్కువ పట్టాలి. జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. ఫలక కేంద్రిత ఇనుము 1,147 డిగ్రీల దగ్గర బరువులో 2.1 శాతం దాకా కార్బన్‌ను కరిగించుకుంటుంది. అంతఃకేంద్రిత ఇనుము, దానికి అన్నిటికన్నా అనుకూలమైన 727 డిగ్రీల దగ్గర కూడా, 0.02 శాతానికి మించి పట్టుకోలేదు. పరమాణువుల లెక్కలో చెప్పాలంటే, మొదటిదాంట్లో పది ఇనుప పరమాణువులకు ఒక కార్బన్, రెండోదాంట్లో వెయ్యింటికి ఒకటి. మామూలు వేడిమి దగ్గరయితే ఆ కాస్త కూడా ఉండదు, దాదాపు లేనట్టే.

ఎందుకిలా? మొత్తం ఖాళీ ఎంత అన్నది కాదు, ఒక్కో సందు ఎంత పెద్దది అన్నదే ఇక్కడ లెక్క. ఇనుప పరమాణువు వ్యాసార్ధాన్ని 100 అనుకుందాం. కార్బన్ వ్యాసార్ధం 60కి అటూ ఇటూ ఉంటుంది. ఫలక కేంద్రిత అమరికలో పెద్ద సందులు ఒక్కో ఇనుప పరమాణువుకు ఒకటి చొప్పున ఉంటాయి. చుట్టూ ఆరుగురు సమాన దూరంలో ఉన్న ఆ సందులో 41 వ్యాసార్ధం ఉన్న గోళం ఇబ్బంది లేకుండా పడుతుంది. కార్బన్‌కు అది ఇరుకే, అయినా చుట్టూ ఉన్న ఆరుగురూ సమానంగా కాస్త జరిగితే సర్దుకోగలుగుతుంది. ఇరుకు ఇరుకే కాబట్టి అన్ని సందులూ నిండవు. పదింటిలో ఒకటి నిండేసరికే ఇనుము ఇక చాలంటుంది.

అంతఃకేంద్రిత అమరికలో ఖాళీ అంతా చిన్న చిన్న ముక్కలైపోయింది. ఒక్కో ఇనుప పరమాణువుకు తొమ్మిది సందులున్నా, పెద్దవాటిలో పట్టేది 29 వ్యాసార్ధం, చిన్నవాటిలో 15. ఇక్కడ ఒక వింత కూడా ఉంది. కార్బన్ వెళ్లి కూర్చునేది పెద్ద సందులో కాదు, 15 వ్యాసార్ధం ఉన్న చిన్న సందులో. పెద్ద సందులో కూర్చోవాలంటే చుట్టూ ఉన్న నలుగురినీ తోయాలి. చిన్న సందులో పైన ఒకటి, కింద ఒకటి, రెండే పరమాణువులు మరీ దగ్గరగా ఉంటాయి. మిగిలిన నలుగురూ దూరంగానే ఉంటారు. నలుగురిని కొంచెం తోయడం కన్నా ఇద్దరిని బాగా తోయడమే కార్బన్‌కు తక్కువ ఖర్చు. అయినా ఆ ఖర్చు మోయలేనంత పెద్దది. అందుకే వెయ్యింటికి ఒకటి. పైకీ కిందికీ మాత్రమే తోసే ఈ ఏకపక్ష ఒత్తిడిని గుర్తుంచుకోవాలి, తరవాత అవసరం పడుతుంది.

ఒక మాట పక్కకు జరిగి చెప్పాలి. చోటు తక్కువైన అంతఃకేంద్రిత ఇనుములోనే కార్బన్ వేగంగా తిరుగుతుంది. ఒకే వేడిమి దగ్గర పోలిస్తే ఆ వేగం వంద రెట్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ అమరిక వదులుగా ఉండటం వల్ల ఒక సందు నుంచి పక్క సందులోకి దూకడం తేలిక. నిలిచేందుకు చోటు లేదు, నడిచేందుకు దారి ఉంది. ఉక్కు పనిలో సగం చిక్కులు, సగం సౌకర్యాలు ఈ ఒక్క విషయం నుంచే వస్తాయి.

ఇప్పుడు కోనసముద్రం ముద్ద దగ్గరికి వద్దాం. ఇలాంటి మూస ఉక్కులో కార్బన్ సాధారణంగా ఒకటి నుంచి రెండు శాతం మధ్య ఉంటుంది. లెక్క కోసం ఒకటిన్నర శాతం అనుకుందాం. 680 గ్రాముల ముద్దలో పది గ్రాములకు కాస్త పైన కార్బన్ ఉన్నట్టు. మూసలో కరిగిన ఉక్కు గట్టిపడేటప్పుడు ఫలక కేంద్రిత రూపంలోనే గట్టిపడుతుంది. వెయ్యి డిగ్రీల పైన ఉన్నంతసేపూ ఆ పది గ్రాములూ సందుల్లో కరిగే ఉంటాయి. ఎక్కడా విడిగా కనబడవు.

వేడి తగ్గుతున్నకొద్దీ ఇనుము ఇముడ్చుకోగలిగే కార్బన్ కూడా తగ్గుతుంది. వెయ్యి డిగ్రీల దగ్గర ఒకటిన్నర శాతం పట్టిన ఇనుము 727 దగ్గరికి వచ్చేసరికి 0.77 శాతమే పట్టుకోగలదు. మిగిలినది బయటికి రావాలి. అది ఒట్టి కార్బన్‌గా రాదు, మూడు ఇనుప పరమాణువులకు ఒక కార్బన్ చొప్పున కలిసి సిమెంటైట్ అనే సమ్మేళనంగా వస్తుంది. అది గాజులా గట్టిది, గాజులా పెళుసుది. మన ముద్దలో 727 దగ్గరికి చేరేసరికి సుమారు ఐదున్నర గ్రాముల కార్బన్ ఇలా బయటపడి, తనతో ఇనుమును కలుపుకుని దాదాపు 84 గ్రాముల సిమెంటైట్ అవుతుంది. నాలుగున్నర గ్రాముల పైచిలుకు ఇంకా కరిగే ఉంటుంది.

ఇక 727 కన్నా కిందికి దిగితే మిగిలిన ఇనుమంతా అంతఃకేంద్రిత రూపంలోకి మారక తప్పదు. స్వచ్ఛమైన ఇనుములో 912 దగ్గర జరిగే మార్పు కార్బన్ వల్ల ఇంత కిందికి దిగింది. ఫలక కేంద్రిత రూపంలో కార్బన్‌కు చోటుంది కాబట్టి, కార్బన్ ఉన్నంతమేరా ఆ రూపమే ఎక్కువసేపు నిలబడుతుంది. మారిన ఇనుము పట్టుకోగలిగేది గ్రాములో పదో వంతు మాత్రమే. మిగతా నాలుగున్నర గ్రాములూ ఇనుముతో పొరలు పొరలుగా అల్లుకున్న పల్చటి సిమెంటైట్ రేకులుగా స్థిరపడతాయి. చివరికి ముద్దలో ఐదో వంతు కన్నా ఎక్కువ, దాదాపు 150 గ్రాములు, సిమెంటైటే.

పెళుసుదనానికి కారణం ఆ 150 గ్రాముల్లో మొదట వచ్చిన 84 గ్రాములు, అవి చేరిన చోటు. ఉక్కు అంతా చిన్న చిన్న స్ఫటికాల సముదాయం. మూసలో నిదానంగా చల్లారేటప్పుడు బయటపడిన సిమెంటైట్, స్ఫటికాలు ఒకదానికొకటి ఆనుకునే సరిహద్దుల వెంట చేరుతుంది. ప్రతి స్ఫటికం చుట్టూ ఎక్కడా తెగని పెళుసు గోడ కట్టినట్టవుతుంది. సమ్మెట దెబ్బ పడితే పగులుకు ఆ గోడల వెంట ఒక చివర నుంచి ఇంకో చివరి దాకా దారి దొరుకుతుంది.

కోనసముద్రం కమ్మరులు మట్టి పూసి కాల్చినప్పుడు జరిగింది ఆ గోడలను తెంపడం. ముద్దను 727 దాటించి ఎనిమిది, తొమ్మిది వందల డిగ్రీల మధ్య గంటల తరబడి ఉంచితే ఇనుము మళ్లీ ఫలక కేంద్రిత రూపంలోకి మారి, పల్చటి రేకులను ముందుగా కరిగించుకుంటుంది. గోడల్లో సన్నగా ఉన్న చోట్లు, మొనలు, అంచులు కూడా కరుగుతాయి. మందంగా ఉన్న ముక్కలు మిగులుతాయి. చల్లార్చేటప్పుడు బయటికి రావలసిన కార్బన్, కొత్తగా గోడ కట్టకుండా, మిగిలిన ఆ ముక్కల మీదే వచ్చి చేరుతుంది. ముక్కలు గుండ్రబడతాయి. ఇంకోసారి కాలిస్తే ఇంకొంచెం. మూడు, నాలుగు సార్లకు గోడల చోట మెత్తటి ఇనుములో చెదిరి ఉన్న గుండ్రటి గింజలు మిగులుతాయి. సిమెంటైట్ బరువు మారలేదు, ఆకారం మారింది. ఇప్పుడు పగులు ఒక గింజ నుంచి ఇంకో గింజకు వెళ్లాలంటే మధ్యలో సాగే ఇనుమును చీల్చుకుని వెళ్లాలి.

ఇక్కడ తప్పు చేయడానికి ఒక పెద్ద అవకాశముంది. ముద్ద ఇంకా త్వరగా మెత్తబడుతుందని వేడిని వెయ్యి డిగ్రీలు దాటిస్తే సిమెంటైట్ పూర్తిగా కరిగిపోతుంది. మిగిలిన ముక్కలే లేకపోతే చల్లారేటప్పుడు కార్బన్ చేరడానికి సరిహద్దులు తప్ప ఇంకేమీ ఉండవు. మళ్లీ అవే గోడలు. చేసిన పనంతా వృథా. పదహారు గంటల మంట కన్నా ఆ మంటను హద్దులో ఉంచడమే కష్టమైన పని. థర్మామీటరు లేని కాలంలో దాన్ని రంగును బట్టే పట్టుకునేవారు. ఈ రోజుల్లో కమ్మరి పని నేర్చుకునేవాళ్లు ఒక అయస్కాంతం దగ్గర పెట్టుకుంటారు. ఇంత కార్బన్ ఉన్న ఉక్కు వేడెక్కి అయస్కాంతానికి అంటుకోవడం మానిందంటే అంతఃకేంద్రిత రూపం పోయి ఫలక కేంద్రిత రూపం వచ్చినట్టు. 727 గడప దాటిందనడానికి అంతకన్నా తేలికైన పరీక్ష లేదు.

ఈ హద్దు తెలియకపోవడం వల్లే యూరప్‌లో ఈ ఉక్కు చాలామందికి లొంగలేదు. జార్జ్ పియర్సన్ 1795లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో దీని గురించి రాశాడు. జేమ్స్ స్టోడార్ట్ అనే శస్త్రాల తయారీదారుడితో కలిసి యువకుడైన మైకేల్ ఫారడే దీని మీద ప్రయోగాలు చేసి 1820లో ప్రచురించాడు. అక్కడి కమ్మరులకు కార్బన్ తక్కువున్న ఇనుమును తెల్లగా కాలేదాకా కాచి కొట్టడం అలవాటు. ఒకటిన్నర శాతం కార్బన్ ఉన్న ఉక్కు 1,250 డిగ్రీల దరిదాపుల్లోనే స్ఫటికాల సరిహద్దుల వెంట కరగడం మొదలుపెడుతుంది. తెల్లటి వేడిలో సమ్మెట దెబ్బ పడితే అది సాగడానికి బదులు పొడిపొడిగా రాలిపోతుంది. మన కమ్మరులు చిక్కటి ఎరుపుకూ నారింజకూ మధ్యనే, ఓపికగా, చిన్న చిన్న దెబ్బలతో సాగదీసేవారు.

ఆ కత్తుల మీద కనబడే నీటి అలల్లాంటి చారలు కూడా ఈ గింజలవే. అమెరికా లోహశాస్త్రజ్ఞుడు జాన్ వెర్హోవెన్, కత్తులు చేసే ఆల్ఫ్రెడ్ పెండ్రే 1990లలో అలాంటి చారలున్న కత్తులను మళ్లీ తయారుచేసి చూపించారు. ఉక్కులో అతి కొద్దిగా, శాతంలో వందో వంతుల్లో, వనేడియం లాంటి మూలకం ఉంటే చాలు. గట్టిపడేటప్పుడు అది వరసలుగా పేరుకుంటుంది. కాల్చి కొట్టిన ప్రతిసారీ సిమెంటైట్ గింజలు ఆ వరసల వెంటే పెరుగుతాయి. ఒకసారి కాలిస్తే చారలు రావు. 727 గడపను ఎన్నోసార్లు అటూ ఇటూ దాటాలి.

ఇంతవరకూ కార్బన్‌కు బయటికి రావడానికి సమయం ఇచ్చిన కథ. సమయం ఇవ్వకపోతే ఏమవుతుందో చూడటానికి కోనసముద్రం దాకా వెళ్లనక్కర్లేదు. అడిక్‌మెట్ వంతెన కింద, విద్యానగర్, జామై ఉస్మానియా స్టేషన్ల మధ్య రైలు పట్టాలున్నాయి. పట్టా ఉక్కులో కార్బన్ 0.6 నుంచి 0.8 శాతం. అది దాదాపు పూర్తిగా ఆ పల్చటి రేకుల అల్లికే, గోడలు లేవు. చక్రాల అరుగుదలకు తట్టుకునే మంచి నిర్మాణం అది.

ఏ రైలు మార్గంలోనైనా బరువైన బండి కదిలేటప్పుడు ఇంజను చక్రం పట్టు దొరక్క నిలిచిన చోటే తిరిగిందనుకోండి. రాపిడికి ఆ చోట పట్టా పైపొర కొద్ది సేపట్లోనే 727 దాటేస్తుంది. ఫలక కేంద్రిత రూపంలోకి మారి రేకుల్లోని కార్బన్‌ను కరిగించుకుంటుంది. చక్రం కదిలిపోగానే కింద ఉన్న చల్లటి పట్టా ఆ వేడిని పీల్చేస్తుంది. నీళ్లలో ముంచినంత వేగంగా చల్లారుతుంది. కార్బన్‌కు కదిలే సమయం లేదు. ఇనుము మాత్రం 250 డిగ్రీల దరిదాపుల్లో, పరమాణువులు విడివిడిగా ప్రయాణించకుండానే అందరూ కలిసి ఒక్కసారి ఒరిగినట్టు, అంతఃకేంద్రిత రూపంలోకి మారిపోతుంది. కరిగిన కార్బన్ ఎక్కడిదక్కడే చిక్కుకుంటుంది.

చిక్కుకున్న ప్రతి కార్బనూ తన పైనా కిందా ఉన్న ఇద్దరిని దూరంగా నెడుతుంది. ముందు చెప్పిన ఏకపక్ష ఒత్తిడి ఇదే. అన్ని కార్బన్‌లూ ఒకే దిశలో నెట్టడంతో ఘనపు పెట్టె నిలువుగా సాగుతుంది. 0.7 శాతం కార్బన్‌కు నిలువు కొలత అడ్డం కొలత కన్నా మూడు శాతం ఎక్కువవుతుంది. ఈ బిగుసుకుపోయిన రూపం పేరు మార్టెన్‌సైట్. చుట్టూ ఉన్న పట్టా కన్నా రెండు రెట్లకు మించి గట్టిది, పెళుసుది. కత్తి అంచుకు పదును పెట్టేటప్పుడు కమ్మరి కోరుకునేదీ దీన్నే. అయితే అతను ఆ తరవాత మళ్లీ కొంచెం కాచి పెళుసుదనం తగ్గిస్తాడు. పట్టా మీద ఆ రెండో కాపు ఎవరూ వేయరు.

దానికి తోడు ఘనపరిమాణం మార్పు ఇక్కడ ఒక శాతం కాదు, నాలుగు శాతం దాకా పెరుగుదల. కారణం తేలికగానే తెలుస్తుంది. చల్లారేటప్పుడు ఫలక కేంద్రిత ఇనుము అంతఃకేంద్రిత ఇనుము కన్నా చాలా వేగంగా కుంచించుకుంటుంది. 912 దగ్గర ఒక శాతం ఉన్న తేడా, మార్పు 250 దగ్గర దాకా వాయిదా పడేసరికి మరింత పెరుగుతుంది. చిక్కుకున్న కార్బన్ దానికి ఇంకొంచెం కలుపుతుంది. ఒక పల్చటి పొర నాలుగు శాతం ఉబ్బాలనుకుంటుంది, కింద ఉన్న లోహం కదలనివ్వదు. ఆ పెనుగులాటలో, పై నుంచి మళ్లీ మళ్లీ చక్రాలు దొర్లుతుంటే, పొరకూ మామూలు ఉక్కుకూ మధ్య పగుళ్లు పుడతాయి.

రైల్వేలో దీన్ని వీల్ బర్న్ అంటారు. రోజూ పట్టాల వెంట నడిచే కీమ్యాన్‌కు ఇది పట్టా తల మీద కోడిగుడ్డు ఆకారపు మెరుపుగా, కాస్త గుంటగా కనబడుతుంది. ఒకే ఇరుసు మీది రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి కాబట్టి చాలాసార్లు రెండు పట్టాల మీదా ఎదురెదురుగా ఉంటుంది. ఆ చోట నుంచి చిన్న ముక్క కోసి, నునుపు చేసి, నైట్రిక్ ఆమ్లం కలిపిన ఆల్కహాల్‌తో తడిపి సూక్ష్మదర్శినిలో చూస్తే, రేకులున్న మామూలు ఉక్కు నల్లబడుతుంది, మార్టెన్‌సైట్ పొర తెల్లగా మిగులుతుంది. పట్టాల లోపలి పగుళ్లను వెతికే అల్ట్రాసోనిక్ పరీక్షకు కూడా ఇది అడ్డమే. గుంటపడి, పైపొర కింద పగిలిన చోట శబ్ద తరంగాలు కిందికి సరిగ్గా చేరవు. దాని కింద ఇంకా లోతైన పగులున్నా కనబడకపోవచ్చు.

గాయం పైపైనే ఉంటే ఆ గట్టి పొర పూర్తిగా పోయేదాకా సానబెడతారు. పగులు లోతుగా దిగిందంటే ఆ ముక్కను మార్చాలి. వెల్డింగ్‌తో పూడ్చదలిస్తే ముందుగా ఆ భాగాన్నంతా మూడు వందల డిగ్రీల దరిదాపులకు వేడిచేస్తారు. చల్లటి పట్టా మీద నేరుగా వెల్డింగ్ చేస్తే పూడ్చిన చోటు పక్కనే ఇంకో మార్టెన్‌సైట్ పొర తయారవుతుంది, వీల్ బర్న్‌ను తీసి దాన్నే మళ్లీ పెట్టినట్టవుతుంది. ముందే వేడెక్కిన పట్టా ఆ వేడిని అంత త్వరగా పీల్చలేదు. ఇనుము రూపం మారేలోగా కార్బన్‌కు సందుల్లోంచి బయటపడి రేకులుగా సర్దుకునేందుకు కావలసిన సమయం దొరుకుతుంది.